అరపట్టు

కంచిలో పిళ్ళైయార్‌పాళయం అంతా మగ్గాల చప్పుడే. ఆ చప్పుడులో పుట్టి, ఆ చప్పుడులోనే పళ్ళూడిపోయిన మనిషి వడివు. ఆమెకు రెండు పళ్ళు తక్కువైనా మాటలు మాత్రం ఒక్కటీ తగ్గలేదు. మొగుడు పెళ్ళయిన మూడో ఏడే పోతే అన్న ఏగాంబరం ఇంటికి తిరిగొచ్చి, ఆ ఇంటి తిన్నె మీదే ఉండిపోయింది. పగలు పెద్ద వీధిలో చీరల అంగట్లో చీరలు విప్పి చూపించి మడతపెట్టే పని. సాయంత్రం తిన్నె మీద కూచుంటే, పెళ్ళిచీరలు కొన్నవాళ్ళూ కొనబోయేవాళ్ళూ సంచులు మోసుకుని ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇది ఎక్కడి చీర, ఏ నేత, చెప్పమని.

వడివు వెంటనే చెప్పేది కాదు. చెప్తుందేమోనని ముందే అడిగితే కసురుకునేది. చీరకు ముగ్గురు సాక్షులు ఉంటారనేది ఆమె. అంచు ఒకటి, కొంగు ఒకటి, ఒంటి మీద పువ్వో పిట్టో ఏదుంటే అదొకటి. ముగ్గురినీ విడివిడిగా నిలబెట్టి, తిరగేసి, వెనకవైపు చూసి, ముగ్గురూ ఒకే మాట చెప్తేనే ఊరి పేరు బయటికి రావాలి. ఒక్కరు చెప్పేది చాడీ, ఇద్దరు చెప్పేది పుకారు అనేది.

ఒకసారి ఒక పెళ్ళికూతురి తల్లి కొంగు నిండా నెమళ్ళున్న చీర తెచ్చి, మరాఠీ దేశపు పైఠణీ అని చెప్పి అమ్మారు, అవునా కాదా అంది. వడివు నెమళ్ళ వంక చూడనైనా చూడలేదు. కొంగు తిరగేసింది. వెనకంతా పిల్లి మీసాల్లా దారాలు. అసలైన పైఠణీ కొంగులో ప్రతి రంగు దారాన్నీ చేత్తో పెట్టి పక్క దారంతో మెలేస్తారు కాబట్టి ముందెట్లా ఉంటుందో వెనకా అట్లాగే ఉంటుంది, దారాలు వేలాడవు. “నెమలి ఉన్నంత మాత్రాన పైఠణీ అయితే, ముక్కుపుడక పెట్టిన ప్రతిదానికీ పెళ్ళయినట్టేనమ్మా” అంది. పాపం ఆ తల్లి ముఖం చిన్నబోతే, మళ్ళీ తనే కాఫీ ఇచ్చి, చీర మంచిదే, పేరే తప్పు, బిడ్డకు కట్టు, అందంగా ఉంటది అని సర్దిచెప్పి పంపింది.

అంత జాగ్రత్త గల మనిషి తన సొంత ఇంట్లో ఉన్న చీర దగ్గర పప్పులో కాలేసింది. ఆ కథే ఇది.

ఏగాంబరానికి ఎనభై నిండాయి. ఎనభై నిండినవాళ్ళ చేత భార్యకు మళ్ళీ తాళి కట్టించి శతాభిషేకం చెయ్యడం అక్కడి ఆనవాయితీ. ఆవణిలో, అంటే తెలుగువాళ్ళ శ్రావణం వేళ, ముహూర్తం పెట్టారు. కొడుకులిద్దరూ మండపం, వంటవాళ్ళు, మేళం అంటూ తిరుగుతుంటే, ముసలాయన మాత్రం ఒక్కటే మాట అన్నాడు. ఆరోజు సెంగమలం కట్టుకోబోయే చీర తనే నేస్తానని. మగ్గం దిగి నాలుగేళ్ళయింది. మోకాళ్ళు మగ్గం గుంతలోకి దిగనంటాయి. అయినా సరే అన్నాడు. అదీ కొత్త రకం కాదు, మొదటి పెళ్ళినాడు ఆమె కట్టుకున్న చీర ఎట్లా ఉండేదో అట్లాగే.

ఇక్కడే వచ్చింది చిక్కు. సెంగమలం పెళ్ళిచీర అంటే ఆ వీధిలో ముసలివాళ్ళందరికీ నవ్వు. దానికో పేరుండేది, అరపట్టు. సెంగమలం నాన్న నూలుకు రంగులద్దే మనిషి. చేతులు ఎప్పుడూ నీలంగానో ఎర్రగానో ఉండేవి కానీ, చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆయన కూతురికి పెట్టిన పెళ్ళిచీరకు అంచు పట్టు, కొంగు పట్టు, ఒళ్ళంతా మాత్రం నూలు. పట్టు మీద పుట్టి పట్టు మీద పెరిగిన వీధి అది. పెళ్ళిపందిట్లోనే అత్తగారు చీర మీద చెయ్యి వేసి చూసి, పట్టు చాలక నడుమంతా నూలు తోసేశారు అంది. ఆనాటి నుంచీ చీరకు అరపట్టు అన్న పేరు, ఆ తర్వాత నెమ్మదిగా కోడలికీ అదే పేరు. అరపట్టూ, నీళ్ళు తే. అరపట్టూ, కండెలు చుట్టు.

అప్పటికి వడివుకు ఎనిమిదేళ్ళు. అమ్మ అన్నదే తనూ అంటూ వదిన వెనకాల గెంతేది. సెంగమలం కోపగించుకునేది కాదు. పిల్లలు పుట్టినప్పుడు ఆ చీర ఒంటిని చించి ఉయ్యాల కట్టింది. నూలు మెత్తన, పసిబిడ్డ ఒంటికి చల్లన. ఉయ్యాల చిరుగులు పట్టాక మిగిలిన అంచును కత్తిరించి, ఎవరికో కాదు, ఆ గెంతే ఆడపడుచు పావడాకే కుట్టిపెట్టింది. కొంగు ముక్కను దేవుడి గూట్లో పటాల కింద పరిచింది. అంతటితో అరపట్టు చీర కథ అయిపోయిందనుకున్నారు.

ఏగాంబరం లెక్క ఆయనది. పావడా అంచు గుర్తుంది. తాళంపూ, అదే మొగలిపువ్వు, రేకుల్లాగా, గోపురాల వరసలాగా ఒంట్లోకి పొడుచుకొచ్చే కొసలు. అది తమ కంచి పనే కదా, అంచు అదే ఉంచి, ఈసారి ఒళ్ళంతా అసలు సిసలు పట్టు వేస్తాను, ఆనాటి లోటు తీరిపోతుంది అన్నాడు. ఎర్రపట్టు తెప్పించమని కొడుక్కి కూడా చెప్పాడు. ముసలాయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. ఆ వెలుగులో పక్కన సెంగమలం ముఖం ఆరిపోవడం వడివుకు తప్ప ఎవరికీ కనబడలేదు.

ఆ పూట సెంగమలం అన్నం దగ్గర కూచోలేదు. కడుపు బాగాలేదంది. మర్నాడూ అదే మాట. మూడోనాడు వడివు పట్టుకుని నిలదీసింది. అప్పటికి సెంగమలం పెరట్లో చింతపండు గింజలు తీస్తోంది. తలెత్తలేదు.

“నాకు లోటు తీర్చిన చీర వద్దు వడివూ,” అంది. “మా నాయన పెట్టినట్టే కావాల. నడుమ నూలుంటే నూలే, అరయితే అరే. అది కుదరదంటే ఏ మిల్లు చీరో చుట్టుకుని కూచుంటా, తాళి కట్టించుకోడానికి ఏ చీరయితేనేం.”

యాభై ఏళ్ళలో వదిన నోట అంత పొడుగు మాట వడివు వినలేదు. పోయి అన్నకు చెప్పింది. ఏగాంబరం ఆశ్చర్యపోయాడు, తర్వాత నొచ్చుకున్నాడు, ఆ తర్వాత మొండికేశాడు. ఎవడో నేతగాడు పట్టు చాలక చేసిన తప్పును, ఎనభై ఏళ్ళ వయసులో, కావాలని, తన చేత్తో మళ్ళీ చెయ్యమంటారా అన్నాడు. పట్టు మగ్గం మీద నూలు ఎక్కించడమంటే ఆయనకు గుళ్ళో చెప్పులు వేసుకుని తిరిగినట్టే.

“అది తప్పు కాదు, ఒక ఊరి పద్ధతి అని చూపించు,” అన్నాడు చెల్లెలితో. “చూపిస్తే నేస్తా. నీ వదిన మీద ప్రేమకొద్దీ ఏదో ఒక ఊరి పేరు అల్లి చెప్తే మాత్రం నేను పట్టుకుంటా, గుర్తుపెట్టుకో.”

అది వడివుకు ఎక్కడో తగిలింది. తను అల్లి చెప్పే మనిషా? లేచి వెళ్ళి తన రేకు పెట్టె తెరిచింది. అడుగున ఆ పావడా ఉంది, చిన్నప్పటిది. గుడ్డంతా పురుగు తిన్నా అంచు మాత్రం చెక్కు చెదరలేదు. అంచుకు ఆనుకుని వేలెడు వెడల్పున చీర ఒళ్ళు కూడా మిగిలి ఉంది. సెంగమలం కుట్టేటప్పుడు బిగువు కోసం లోపలికి మడిచి వదిలేసిందన్నమాట. వేళ్ళతో నలిపి చూసింది. నూలే. నూలు ఒంటికి పట్టు అంచు. ఆమె నోరు ఆమెకంటే ముందు పరుగెత్తింది.

“ఇల్కల్ చీర ఇది, అన్నా! కన్నడ దేశంలో నూలు ఒంటికి పట్టు అంచూ పట్టు కొంగూ పెడతారు. కొంగు దగ్గర దారం దారం ముడేస్తారు, కొంగు అతికే మన పెట్ని పని మాదిరే.”

ఏగాంబరం వక్క నములుతూ నిదానంగా విన్నాడు. ఇల్కల్ కొంగు ఎట్లా ఉంటుందే అని అడిగాడు. ఎర్రపట్టు మీద తెల్లగా గోపురం పళ్ళు, దువ్వెన పళ్ళు, జరీ ఊసే ఉండదు అని వడివు గడగడా చెప్పింది. చెప్తూ చెప్తూనే ఆమె గొంతు సన్నబడింది. ఎందుకంటే ముసలాయన చూపు దేవుడి గూటి వైపు పోయింది. అక్కడ పటాల కింద నుంచి కొంగు ముక్క కొస ఒకటి బయటికి వేలాడుతోంది. దీపం వెలుగులో ఎర్రపట్టు మీద తెల్ల పళ్ళు కాదు, బంగారు జరీ మెరుస్తోంది.

“ఊరందరికీ ముగ్గురు సాక్షులని చెప్తావు,” అన్నాడు అన్న. “ఇంట్లో ఒకడిని అడిగి తీర్పు చెప్పేశావేమే?”

వడివు తన మాట తనే మింగాల్సి వచ్చిన సందర్భాలు తక్కువ. అదొకటి. తను చూసింది అంచూ, ఒంటిలో వేలెడూ. కొంగు రోజూ కళ్ళ ముందే ఉన్నా, రోజూ దండం పెడుతున్నా, చూడలేదు. దండం పెట్టేవాళ్ళు పటాలను చూస్తారు కానీ కింద గుడ్డను చూస్తారా? పోనీ ఇప్పుడు చూద్దామంటే ఆడి మాసం, ఆషాఢం లాంటి అమ్మవారి నెల. ఆ ఇంట్లో శుక్రవారం కడిగి తుడిచేటప్పుడు తప్ప పటాలు కదిలించరు. శుక్రవారం వరకు ఆగక తప్పలేదు. ఆ నాలుగు రోజులూ ఏగాంబరం ఆమె కనబడినప్పుడల్లా, ఏమే, కన్నడ దేశం నుంచి కబురేమైనా వచ్చిందా అని అడుగుతూనే ఉన్నాడు. సెంగమలం మాత్రం ఏమీ అడగలేదు. అదే వడివుకు ఎక్కువ బాధ. ఆశ పెట్టుకున్న మనిషి అడుగుతుంది. వదిన ఆశ పెట్టుకోవడం ఎప్పుడో మానేసింది.

శుక్రవారం తెల్లారి మారియమ్మకు అంబలి కాచారు. గూడు కడిగారు. పటాలు ఒక్కొక్కటిగా దించాక, వడివు కొంగు ముక్కను రెండు చేతులతో తీసుకుని, నూనె మరకలు అంటకుండా వాకిట్లో ఎండ పడే చోట తెల్ల పంచె పరిచి దాని మీద పెట్టింది. పక్కనే పావడా. ఏగాంబరం కుర్చీ తెచ్చుకుని కూచున్నాడు, సినిమాకొచ్చినట్టు. సెంగమలం గడప లోపలే నిలబడింది.

ఈసారి వడివు నోరు మూసుకుని కళ్ళు తెరిచింది.

ముందు అంచు. ముందువైపు కాదు, తిరగేసి, గోటితో తడుముతూ పోయింది. ఒంటికీ అంచుకీ మధ్య కుట్టు లేదు. ఒంటిలో అడ్డంగా వచ్చిన నూలు పేక, అంచులో అడ్డంగా వచ్చిన పట్టు పేక, రెండూ గీత దగ్గర ఒకదాన్నొకటి కొక్కెంలా పట్టుకుని వెనక్కి తిరిగిపోయాయి. ప్రతి వరసా అంతే. ఒంటి రంగు అంచులోకి ఒక్క పోగు కూడా జారలేదు, అంచు రంగు ఒంట్లోకి జారలేదు. అంచునూ ఒంటినీ మగ్గం మీదే కలిపే తమ కంచి కోర్వై లాంటి పనే ఇది. పేక దారం విసిరే నాడెలు మూడు, మనుషులు ఇద్దరు లేకపోతే కాదు. తను ఏడేళ్ళప్పుడే అన్న పక్కన కూచుని అంచు నాడె విసిరిన చేతులు అవి, వాటికి తెలుసు. అంచు ఒక్కటే చూస్తే కంచి అని ఎవరైనా ఒట్టేస్తారు.

కానీ రెండో సాక్షి ఒళ్ళు. వేలెడు ముక్కలో ఒక జరీ బుటా సగం కనబడుతోంది. దాని చుట్టూ గుడ్డను వడివు ఎండకు పట్టుకుని, ఒక పోగు పీకింది. అడ్డం పోగు కాదు, నిలువు పోగు. నోటితో తడి చేసి, వేళ్ళతో విప్పి, అన్న చేతికిచ్చింది. నూలే. అంచులోంచి ఒక నిలువు పోగు తీసి ఇచ్చింది. పట్టు. ముసలాయన రెంటినీ చూపుడువేలికి చుట్టుకుని చాలాసేపు చూశాడు. వక్క నమలడం ఆగిపోయింది. నేసేవాడికి అక్కడితోనే సగం అర్థమైపోయింది. అయినా వడివు వదలలేదు. వదిన వినాలని గట్టిగా అంది.

“నేస్తానేస్తా మధ్యలో పట్టు అయిపోతే ఏం చేస్తారు? అడ్డం పోగులో నూలు కలుపుతారు. నిలువు పోగు ఎట్టా మారుస్తారు? పడుగు సాగదీసేది మగ్గం ఎక్కకముందే కదా! ఒళ్ళంతా నూలు పడుగు, అంచుల్లో పట్టు పడుగు. మొదటిరోజే ఇట్టా అనుకుని పెట్టిందిది. చాలక చేసింది కాదు అన్నా.”

మూడో సాక్షి కొంగు. అందులో తెల్ల గోపురం పళ్ళు లేవు. ఎర్రపట్టు మీద అడ్డంగా జరీ పట్టీలు, పట్టీల మధ్య మామిడి పిందెలు, హంసల వరస. కొంగు ఒళ్ళు కలిసే చోట అర అంగుళం మిగిలింది. అక్కడ నూలు పడుగులో ఒక్కొక్క పోగుకూ ఒక్కొక్క పట్టుపోగు తగిలించి కలిపారు. ఒంటి మీద నూలుగా వచ్చిన దారం కొంగులోకి పోయేసరికి పట్టయిపోయింది. ఎన్ని వందల పోగులో, అన్నీ చేత్తోనే.

“ఇంతకీ ఊరు?” అన్నాడు ఏగాంబరం. గొంతులో ఎగతాళి లేదు.

వడివుకు నాలుక చివర ఒక పేరుంది. నాలుగు రోజుల క్రితమైతే అనేసేది. ఇప్పుడు నాలుక మడిచి లోపల పెట్టుకుంది. సాయంత్రం చెప్తానంది. పావడానూ కొంగునూ పంచెలో చుట్టి చంకన పెట్టుకుని అంగడికి పోయింది. ఆడి మాసం కదా, పెళ్ళిళ్ళు లేక అంగడి ఈగలు తోలుకుంటోంది. పై అంతస్తులో వేరే ఊళ్ళ చీరలుండే బీరువా తాళం తీయించి, అడుగునున్న ఒకదాన్ని తీసి నేల మీద విప్పింది. తెలుగు వ్యాపారి ఒకాయన తెచ్చి ఇచ్చిపోయిన చీర అది, ఆ ఊరి ముద్రతో సహా. పక్కన పాత ముక్కలు పెట్టింది. అంచు పక్కన అంచు, కొంగు పక్కన కొంగు, బుటా పక్కన బుటా. వెనకవైపులు కూడా పక్కపక్కన. రంగు వేరు, హంస మెడ వంపు కొంచెం వేరు, ఏ రెండు చేతుల వంకర ఒకటిగా ఉంటుంది? పని మాత్రం ఒకే పని. నూలు ఒళ్ళు, పట్టు అంచు, అంచులో గోపురాల్లాంటి కుంభాల కొసలు, వరసవరసా కొక్కెం, కొంగులో పోగుకు పోగు అతుకు, జరీ పట్టీలు. ముగ్గురూ ఒకే మాట చెప్పారు.

ఆమె గబగబా ఇంటికి రాలేదు. దారిలో గుడి దగ్గర కోవిల్ ఇడ్లీ ఒకటి కట్టించుకుంది, వదినకు మిరియాల ఘాటు ఇష్టమని. ఇంటికొచ్చి దాన్ని సెంగమలం ముందు పెట్టి, తినమని చెప్పి, తిన్నాకే చెప్పింది.

“వదినా, నీ చీర గద్వాల చీర. అరా కాదు, తక్కువా కాదు. ఆ ఊరి పెళ్ళిచీరే అట్టా ఉంటది. దేవుడికీ అదే కడతారు. నూలునూ పట్టునూ ఒక్క మగ్గం మీద అట్టా అతకాలంటే మన కోర్వై పనికి రెండింతలు. మా అమ్మకు తెలీలా. మాకెవరికీ తెలీలా.”

సెంగమలం వేళ్ళకంటిన ఇడ్లీ ముక్క అట్లాగే ఉంది. ఎక్కడుందా ఊరు అని అడిగింది. తెలుగు దేశంలో, ఉత్తరంగా, కృష్ణకీ తుంగభద్రకీ నడుమ అని వడివు చెప్పింది. అప్పుడు సెంగమలం మెల్లగా గుర్తుచేసుకుంది. తన చిన్నప్పుడు నాన్న రెండేళ్ళు ఇంట్లో లేడు. రంగుల పని కోసం ఎక్కడికో పోయాడు. వచ్చాక, రెండేర్ల నడుమ ఊళ్ళో ఉన్నానమ్మా, అక్కడి నీళ్ళకు ఎరుపు బాగా దిగుతుంది అనేవాడు. పనిచేయించుకున్నవాళ్ళు వచ్చేటప్పుడు ఒక చీర పెట్టారని, కూతురి పెళ్ళికి దాచాడని అమ్మ చెప్పేది. పెళ్ళిపందిట్లో అత్తగారు ఆ మాట అన్నప్పుడు, నాన్న నోరు తెరవబోయి, వియ్యపురాలి ముందు తగవెందుకని మూసుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ తెరవలేదు. నాన్నే వేసిన ఎరుపు అది, బహుశా.

వడివు మధ్యలో కలగజేసుకుంది. ఈ రెండేర్ల సంగతి ముందే ఎందుకు చెప్పలేదని గదిమింది. అడిగారా ఎవరైనా అంది సెంగమలం. వడివు తన గదమాయింపు తనే మింగింది. వారం తిరక్కుండా రెండోసారి. ఆ వీధిలో ఎవరైనా చూసుంటే చెప్పుకుని చెప్పుకుని నవ్వేవాళ్ళు.

పొద్దు గూకేవేళ ఏగాంబరం మగ్గం గుంత దగ్గర నిలబడి ఉన్నాడు, చేతిలో చీపురుతో. నాలుగేళ్ళ బూజు దులుపుతున్నాడు. భార్య వచ్చి నిలబడితే, ఆమె వైపు తిరక్కుండానే అన్నాడు.

“రేపు నూలుకు గంజి పెట్టే మనిషిని పిలిపించు. మా అమ్మ చెయ్యి వేసి చూసింది, తిరగేసి చూడలేదు. నేనూ చూడలేదులే.”

అంతే. క్షమించమనడం ఆ వంశంలో లేదు.

తర్వాత రోజులు ఆ ఇంట్లో నవ్వే పని. పట్టు మగ్గానికి నూలెక్కడం సులువు కాదు. పట్టు సాగుతుంది, నూలు సాగదు. రెంటినీ ఒకే కర్రకు చుడితే ఒకటి బిగుస్తుంది, ఒకటి వదులవుతుంది. అందుకని ఒంటి పడుగు ఒక కర్రకు, అంచు పడుగులు వేరే కర్రలకు చుట్టి, బరువులు వేలాడగట్టి సరిచూసుకోవలసి వచ్చింది. మొదటి జానెడు నేసేసరికి నూలు పటపటా తెగింది. తెగినప్పుడల్లా ఏగాంబరం తెలుగు దేశాన్ని మొత్తం తిట్టాడు. గంజి తక్కువైందని ఒకరోజు, ఎక్కువైందని ఒకరోజు. సెంగమలం నీళ్ళ కుండ పక్కన పెట్టుకుని కూచుని, మీరు మెత్తగా కొట్టండి, అది మీ పట్టు కాదు, మా నాయన చీర అనేది. మా నాయన చీర అని ఆమె నోరారా అనడం ఆ ఇంట్లో మొదటిసారి.

అంచు నాడె విసరడానికి వడివు పక్కన కూచుంది, ఏడేళ్ళప్పుడు కూచున్న చోటే. నడుము ఒప్పుకోలేదు. అన్నా చెల్లెలూ ఒకరి నొప్పులు ఒకరు లెక్కపెట్టుకుంటూ, ఒకరి పొరపాట్లు ఒకరు ఎత్తిచూపుకుంటూ నేశారు. కొంగు దగ్గరికి వచ్చాక నూలుపోగులకు పట్టుపోగులు కలపడానికి ముగ్గురూ కూచున్నారు. ఏగాంబరం కళ్ళు ఆనక వేళ్ళతోనే చేశాడు. సెంగమలం ఆ పని ఎన్నడూ చెయ్యలేదు, అయినా అందరికంటే ముందు ఆమె వరస పూర్తయింది. ముసలాయన ఆ వరసను రెండుసార్లు తడిమి చూశాడు, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు.

ఒక్కచోట మాత్రం వడివు పట్టుబట్టింది. కొడుకు ఎవరికో ఫోన్‌లో, మా నాన్న గద్వాల చీర నేస్తున్నాడు అని చెప్తుంటే, తప్పు అంది. గద్వాలలో నేస్తేనే గద్వాల చీర. ఇది కంచి చేత్తో గద్వాల పద్ధతి. మనం మాత్రం తప్పు పేరు పెట్టి ఎవరికైనా చెప్తే, రేపు ఇంకో వడివు ఎక్కడో తల పట్టుకుని కూచోవాలి కదా అంది. సరే అత్తా అన్నాడు వాడు, ఫోన్‌లో అంత పొడుగ్గా ఎవరు చెప్తారని గొణుక్కుంటూ.

ఆవణిలో శతాభిషేకం జరిగింది. ఏగాంబరానికి కలశాల నీళ్ళు పోస్తే చలికి వణికాడు. సెంగమలం కొత్త చీర కట్టుకుని వచ్చి పక్కన కూచుంది. కొంగు కొసనూ ఆయన ఉత్తరీయం కొసనూ కలిపి ముడి వెయ్యడానికి పురోహితుడు చెయ్యి చాస్తే, ఒక్క నిమిషం అని, పాత కొంగు ముక్కను కూడా తీసి ఆ ముడిలో పెట్టించుకుంది. రెండు ఎరుపులు పక్కపక్కన. పాతదే ముదురు. ఏగాంబరం చూసి, మీ నాన్న రంగు గెలిచింది అన్నాడు. వణుకుతూనే.

పంక్తి దగ్గర ఆరణి నుంచి వచ్చిన ముసలి బంధువు ఒకామె, నేతవాళ్ళ మనిషే, సెంగమలాన్ని ముద్దు పెట్టుకోబోయి చీర మీద చెయ్యి వేసి ఆగిపోయింది. వేళ్ళ మధ్య నలిపి చూసింది. మర్యాద కోసం గొంతు తగ్గించింది కానీ పక్కనున్న వడివుకు వినబడింది.

“ఇదేందే, నూలు తగుల్తా ఉంది? ఇంత వేడుకకు అరపట్టా?”

వడివు నోరు తెరిచింది. ఆమె నోటికి అంతకంటే మంచి అవకాశం దొరకదు, ముగ్గురు సాక్షులనూ వరసగా పిలవడానికి సిద్ధంగా ఉంది. కానీ సెంగమలం ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపింది. నవ్వుతూ కొంగు తీసి, ఆ బంధువు చేతుల్లో తలకిందులుగా పెట్టింది.

“తిరగేసి చూడక్కా,” అంది. “నిదానంగా చూడు. పాయసం నేను తెచ్చిస్తా.”